మూడేసి సార్లు వచ్చే సంఖ్యల మధ్య ఒక్కసారే వచ్చినదాన్ని బిట్‌ల లెక్కతో పట్టుకోవడం

ఒక లిస్ట్ ఇస్తారు. అందులో ఒక్క సంఖ్య తప్ప మిగతావన్నీ సరిగ్గా మూడేసి సార్లు ఉంటాయి. ఆ ఒక్కటి ఏదో చెప్పాలి. లీట్‌కోడ్‌లో ఇది 137వ ప్రశ్న, పేరు `Single Number II`. ఇంటర్వ్యూలకు చదివేవాళ్లలో చాలామంది దీన్ని చూసే ఉంటారు. లిస్ట్‌ను ఒక స్థిరమైన సంఖ్యలో సార్లు మాత్రమే తిరగాలి, లిస్ట్ ఎంత పెరిగినా అదనపు మెమరీ పెరగకూడదు అనే షరతు దీన్ని ఆసక్తికరంగా చేస్తుంది. ఆ షరతు లేకపోతే డిక్షనరీలో ఏది ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుని రెండు నిమిషాల్లో ముగించవచ్చు.

ఈ ప్రశ్నకు ముందు దీని చెల్లెలు లాంటి ప్రశ్న ఒకటి ఉంది. అందులో మిగతావన్నీ రెండేసి సార్లు వస్తాయి. దానికి జవాబు అందరికీ కంఠతా వచ్చు: అన్నిటినీ ఎక్సార్ చేసేయ్, జంటలన్నీ రద్దయిపోయి ఒంటరిది మిగులుతుంది. అదే ఊపులో మూడేసి సార్లకూ ఎక్సార్ వాడితే ఏమవుతుందో ఒక లిస్ట్ మీద చూద్దాం. ఈ వ్యాసం చివరిదాకా ఇదే లిస్ట్ వాడుకుంటాను:

```
13, 6, 13, 9, 6, 13, 6
```

13 మూడుసార్లు, 6 మూడుసార్లు, 9 ఒక్కసారి ఉన్నాయి. అన్నిటినీ ఎక్సార్ చేస్తే 2 వస్తుంది. లిస్ట్‌లో అసలు 2 లేనే లేదు. ఎందుకంటే మూడింటిలో రెండు రద్దయినా మూడోది మిగిలిపోతుంది. కాబట్టి చివరికి చేతికొచ్చేది 13, 6, 9 మూడూ కలిసిపోయిన ఎక్సార్ మాత్రమే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఎక్సార్ నిజంగా ఏం చేస్తోందో చూడాలి. చాలా వివరణలు ఈ మెట్టు దాటేసి నేరుగా కోడ్‌లోకి దూకుతాయి, అందుకే ఆ కోడ్ వారం తిరక్కుండానే మరిచిపోతాం. ఎక్సార్ ప్రతి బిట్ స్థానంలో ఎన్ని 1లు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కను 2తో భాగించి, శేషాన్ని అక్కడ ఉంచుతుంది. సరిసంఖ్యలో 1లు ఉంటే 0, బేసి సంఖ్యలో ఉంటే 1. రెండేసి సార్లు వచ్చిన ప్రశ్నకు అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ భాగించాల్సింది 2తోనే. ఇప్పుడు మూడేసి సార్లు వస్తున్నాయి కాబట్టి 3తో భాగించాలి. ఎక్సార్‌లా ప్రతి బిట్ స్థానంలోనూ విడివిడిగా 3తో శేషం ఇచ్చే రెడీమేడ్ గుర్తు లేదు. కాబట్టి లెక్క మనమే పెట్టుకోవాలి.

## ముందు కాగితం మీద

ఏడు సంఖ్యలనూ బైనరీలో ఒకదాని కింద ఒకటి రాసుకోండి. నాలుగు బిట్‌లు చాలు. స్థానాలను కుడి నుంచి 0, 1, 2, 3 అని పిలుద్దాం.

```
13    1 1 0 1
 6    0 1 1 0
13    1 1 0 1
 9    1 0 0 1
 6    0 1 1 0
13    1 1 0 1
 6    0 1 1 0
--------------
      4 6 3 4
% 3   1 0 0 1
```

గీత కింద మొదటి వరుసలో ఉన్నవి నిలువుగా ఒక్కో స్థానంలో ఎన్ని 1లు ఉన్నాయన్న లెక్కలు. వాటిని 3తో భాగిస్తే మిగిలిన శేషాలు రెండో వరుసలో ఉన్నాయి. 1001 అంటే 9. అదే మన జవాబు.

బడిలో కూడికలు చేసేటప్పుడు పది దాటితే ఒకటి చేతిలో పెట్టుకుని పక్క స్థానానికి పోతాం. ఇక్కడ ఆ పని చేయకూడదు. ఏ స్థానం లెక్క ఆ స్థానానిదే. పక్క స్థానానికి ఏమీ వెళ్లదు కాబట్టే ఈ పద్ధతి పనిచేస్తుంది. 13లోని ప్రతి 1 తన స్థానంలో సరిగ్గా 3 చేర్చిపోతుంది, 6లోని ప్రతి 1 కూడా అంతే. 3తో భాగించగానే ఆ మూళ్లన్నీ మాయమవుతాయి. మిగిలేది 9 వేసిన 1 ఒక్కటే, 9 ఆ స్థానంలో ఏమీ వేయకపోతే 0. స్థానం 2 చూడండి: అక్కడ లెక్క 6 వచ్చింది, మిగతా స్థానాలకన్నా పెద్దది, అయినా 9కి అక్కడ 1 లేదు. లెక్క ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, శేషమే ముఖ్యం.

సంఖ్యలు ఏ వరుసలో వచ్చాయన్నదీ అక్కర్లేదు. మూడు 13లు పక్కపక్కన ఉన్నా, చెల్లాచెదురుగా ఉన్నా నిలువు లెక్క మారదు. అందుకే సార్ట్ చేయాల్సిన పని లేదు.

## కోడ్‌గా రాయడం

కాగితం మీద చేసిన పనినే యథాతథంగా రాస్తే చాలు. బయటి లూప్ స్థానాల మీద, లోపలి లూప్ సంఖ్యల మీద నడుస్తుంది. జావాలో ఇలా ఉంటుంది:

```java
int result = 0;
for (int i = 0; i < 32; i++) {
    int count = 0;
    for (int x : nums) count += (x >> i) & 1;
    if (count % 3 != 0) result |= 1 << i;
}
return result;
```

`(x >> i) & 1` అన్నది `i`వ స్థానంలోని బిట్‌ను కుడి చివరకు జరిపి, మిగతావన్నీ కత్తిరించేస్తుంది. వచ్చేది 0 లేదా 1 మాత్రమే, అందుకే దాన్ని నేరుగా `count`కు కలపవచ్చు. శేషం సున్నా కాకపోతే `1 << i` ద్వారా జవాబులో ఆ స్థానంలో 1 పెడతాం.

పని ఎంత అవుతుందో కూడా చూద్దాం. 137వ ప్రశ్నలో లిస్ట్ పొడవు 30,000 దాకా ఉండవచ్చని ఇచ్చారు. మూడేసి చొప్పున పోను ఒకటి మిగలాలి కాబట్టి నిజంగా వచ్చే పెద్ద పొడవు 29,998. దాన్ని 32తో గుణిస్తే 9,59,936, అంటే పది లక్షల లోపే. ఇప్పటి కంప్యూటర్‌కు ఇది పెద్ద పని కాదు. అదనంగా వాడిన మెమరీ రెండు మూడు వేరియబుల్స్ మాత్రమే.

లూప్‌లను తిప్పి, సంఖ్యల లూప్ బయట పెట్టి 32 గళ్ల అర్రేలో లెక్కలు దాచుకోవచ్చు కూడా. లిస్ట్ ఫైల్‌లోంచో నెట్‌వర్క్ మీదనుంచో ఒక్కొక్కటిగా వస్తూ, మళ్లీ వెనక్కి వెళ్లి చదివే వీలు లేనప్పుడు అదే దారి. జవాబు రెండింటిలోనూ ఒకటే.

## ఒక తప్పు, కొంచెం దగ్గరగా

నా దగ్గర ప్రాక్టీస్ చేసే ఒక జూనియర్ కుర్రాడు ఒకరోజు స్క్రీన్ చూపించి, "అన్నా, 5కి కరెక్ట్‌గా వస్తోంది, 9కి మాత్రం 1 వస్తోంది, లూప్ అంతా సరిగ్గానే ఉంది కదా" అన్నాడు. అతని కోడ్‌లో ఈ రెండు లైన్లు ఉన్నాయి:

```java
count += x & (1 << i);
...
if (count % 3 == 1) result |= 1 << i;
```

`x & (1 << i)` బిట్ ఉందో లేదో చెబుతుంది నిజమే, కానీ ఉంటే 1 ఇవ్వదు. ఆ స్థానం విలువ ఇస్తుంది. 3వ స్థానంలో అయితే 8. మన లిస్ట్‌లో ఆ స్థానంలో నాలుగు 1లున్నాయి కాబట్టి `count` 4 బదులు 32 అవుతుంది. 32ను 3తో భాగిస్తే శేషం 2. అతను `== 1` అని అడిగాడు కనుక ఆ బిట్ జారిపోయింది. స్థానం 0లో విలువ 1 కాబట్టి అక్కడ మాత్రం సరిగ్గా వచ్చింది. చివరికి 1001లో ముందు 1 పోయి, 0001 మిగిలింది.

మరి 5కి ఎందుకు సరిగ్గా వచ్చింది? 5 అంటే 101, బిట్‌లు 0, 2 స్థానాల్లో ఉన్నాయి. 1, 4, 16 లాంటి సరి స్థానాల విలువలను 3తో భాగిస్తే శేషం 1. 2, 8, 32 లాంటి బేసి స్థానాల విలువలకు శేషం 2. అంటే చిన్న ధన సంఖ్యలున్న లిస్ట్‌లో అతని తప్పు బేసి స్థానాల్లో మాత్రమే బయటపడుతుంది. టెస్ట్ కేస్‌లో జవాబు 5, 4, 1, 16 లాంటిదైతే పాస్ అయిపోతుంది. ఇలాంటి తప్పు ఎక్కడుందో తెలుసుకునే గుర్తు ఇదే: వచ్చిన తప్పు జవాబును, రావలసిన జవాబును బైనరీలో ఒకదాని కింద ఒకటి రాయండి. పోయిన బిట్‌లన్నీ బేసి స్థానాల్లోనే ఉంటే కారణం ఇదే.

అతను `== 1` బదులు `!= 0` అని రాసి ఉంటే ఇలాంటి చిన్న ధన సంఖ్యల మీద ఈ తప్పు కనిపించేదే కాదు. 2 ఘాతాలేవీ 3తో భాగింపబడవు కాబట్టి, సున్నా కాని శేషం సున్నా కానిదిగానే ఉండేది. కానీ అలా దాక్కున్న తప్పు, రేపు నాలుగేసి సార్లు వచ్చే ప్రశ్నకు ఇదే కోడ్‌లో 3ను 4గా మార్చిన రోజున బయటపడుతుంది. స్థానం 2 నుంచి పైన ప్రతి విలువా 4తో భాగింపబడుతుంది, ఆ బిట్‌లన్నీ ఎగిరిపోతాయి. అందుకే రెండూ సరిచేయించాను: షిఫ్ట్ చేసి 1తో కత్తిరించడం, శేషం సున్నా కాదా అని అడగడం.

## రుణ సంఖ్యలు

ప్రశ్నలో సంఖ్యలు -2147483648 నుంచి 2147483647 దాకా ఉంటాయి, అంటే 32 బిట్‌ల పూర్తి పరిధి. రుణ సంఖ్యలను టూస్ కాంప్లిమెంట్‌లో దాచుతారు. అందులో అన్నిటికన్నా పై స్థానం, 31వది, సైన్ బిట్. ఉదాహరణకు -4 అంటే 0, 1 స్థానాల్లో మాత్రమే సున్నాలు, 2 నుంచి 31 దాకా అన్నీ 1లే.

మన లెక్కకు ఇది ప్రత్యేకమేమీ కాదు. సైన్ బిట్ కూడా ఒక స్థానమే, అక్కడా 1లు లెక్కపెట్టి 3తో భాగించాలి. `5, 5, 5, -4` తీసుకోండి. స్థానం 0లో మూడు 1లు, శేషం 0. స్థానం 1లో ఏమీ లేవు. స్థానం 2లో 5లవి మూడు, -4ది ఒకటి, మొత్తం 4, శేషం 1. ఆపైన 31 దాకా -4 ఒక్కటే 1 వేస్తుంది, శేషాలన్నీ 1. అచ్చం -4 రూపమే బయటికొచ్చింది. జావాలో `int` సరిగ్గా 32 బిట్‌లే కాబట్టి దాన్ని -4గానే చూపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో కూడా `|`, `<<` గుర్తులు 32 బిట్‌ల మీదే పనిచేస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు.

పైథాన్‌లో ఇదే లెక్కకు 4294967292 వస్తుంది. నేను మొదటిసారి ఈ సంఖ్యను చూసినప్పుడు లూప్‌లో తప్పు కోసం చాలాసేపు వెతికాను, లూప్‌లో తప్పేమీ లేదు. పైథాన్ పూర్ణాంకానికి బిట్‌ల పరిమితి లేదు. 31వ స్థానంలో 1 పెడితే అది దాన్ని సైన్ అనుకోదు, 2147483648 అనే మామూలు విలువ అనుకుంటుంది. కాబట్టి చివర ఒక చిన్న సవరణ కావాలి:

```python
def single(nums):
    result = 0
    for i in range(32):
        count = sum((x >> i) & 1 for x in nums)
        if count % 3:
            result |= 1 << i
    if result >= 1 << 31:
        result -= 1 << 32
    return result
```

ఇక్కడ `>=` అన్నది ముఖ్యం. `>` అని రాస్తే ఒకే ఒక్క సంఖ్యకు దెబ్బతింటుంది: ఒంటరిగా వచ్చినది -2147483648 అయితే `result` సరిగ్గా `1 << 31` అవుతుంది, సవరణ జరగదు, 2147483648 అనే ధన సంఖ్య బయటికొస్తుంది. ఇక `range(31)` అని రాసినవాళ్లకు -4 బదులు 2147483644 వస్తుంది. ఈ మూడు సంఖ్యలూ గుర్తుంటే చాలు. ఏ తప్పు చేశామో స్క్రీన్ మీది అంకె చూసే చెప్పవచ్చు.

లోపలి భాగంలో `(x >> i) & 1` రుణ సంఖ్యలకు కూడా సరైన బిట్ ఇస్తుంది, పైథాన్ కుడి షిఫ్ట్‌లో సైన్‌ను పైనుంచి నింపుకుంటూ వస్తుంది కాబట్టి. అదే `bin(x)` వాడి అక్షరాలు లెక్కపెట్టాలనుకుంటే కుదరదు. `bin(-4)` ఇచ్చేది `'-0b100'`. అది 4 అనే సంఖ్య బిట్‌లకు ముందు మైనస్ పెట్టినది, టూస్ కాంప్లిమెంట్ రూపం కాదు. అలాగే `while x:` అని లూప్ పెట్టి `x >>= 1` చేస్తూ పోతే రుణ సంఖ్య దగ్గర ప్రోగ్రామ్ ఎప్పటికీ ఆగదు. -1ని ఎన్నిసార్లు కుడికి జరిపినా -1గానే ఉంటుంది.

సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకు వేరే జాగ్రత్త. బిట్ కోసం `x % 2` వాడి, `x / 2`తో ముందుకు పోతే రుణ బేసి సంఖ్యలకు శేషం -1 వస్తుంది, లెక్క పెరగాల్సిన చోట తగ్గుతుంది. `unsigned`లోకి మార్చుకుని, `1u << i` వాడి, చివర `int`గా తిప్పి ఇవ్వడం మేలు.

## మాట తప్పిన లిస్ట్

ఈ పద్ధతి మొత్తం ఒక మాట మీద నిలబడింది: ఒక్కటి తప్ప అన్నీ మూడేసి సార్లు ఉన్నాయి. ఆ మాట తప్పితే కోడ్ ఎర్రర్ ఇవ్వదు, నమ్మకంగా ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ప్రశ్నల సైట్‌లో ఇది సమస్య కాదు. నిజమైన డేటా మీద వాడితే ఆలోచించాలి.

అన్నీ మూడేసి సార్లు ఉండి ఒంటరిది లేకపోతే అన్ని శేషాలూ 0, జవాబు 0 వస్తుంది. నిజంగా 0 ఒంటరిగా ఉన్నా అదే వస్తుంది. రెండింటినీ విడదీయడానికి పొడవు చూడండి: సరైన లిస్ట్ పొడవును 3తో భాగిస్తే శేషం 1 రావాలి.

రెండు వేర్వేరు సంఖ్యలు ఒంటరిగా ఉంటే? వాటికి ఒక స్థానంలో ఉమ్మడిగా 1 ఉంటే అక్కడ శేషం 2 వస్తుంది, సరైన లిస్ట్‌లో ఏ స్థానంలోనూ 2 రాకూడదు కాబట్టి శేషాలను చూస్తే పట్టుబడుతుంది. కానీ 1, 2 ఒంటరిగా ఉన్నాయనుకోండి. వాటి బిట్‌లు వేర్వేరు స్థానాల్లో ఉన్నాయి. శేషాలు 1, 1, జవాబు 3. అనుమానం రానివ్వని తప్పు అది. పొడవు చూస్తే ఇది బయటపడుతుంది. ఒంటరివి నాలుగు ఉంటే, అంటే 1, 2, 4, 8 ఉంటే, పొడవు కూడా సరిపోయి 15 వస్తుంది. ఇందుకు ఒకటే నికరమైన పరీక్ష: వచ్చిన జవాబు లిస్ట్‌లో సరిగ్గా ఒక్కసారి ఉందో లేదో ఇంకోసారి తిరిగి లెక్కపెట్టడం. దానికీ అదనపు మెమరీ అక్కర్లేదు. అది కూడా మిగతావన్నీ మూడేసి ఉన్నాయని నిరూపించదు, జవాబు లిస్ట్‌లోదేనని, ఒంటరిదేనని మాత్రం చెబుతుంది.

ఒంటరిది రెండుసార్లు వచ్చే ప్రశ్న అయితే శేషం 1 బదులు 2 వస్తుంది. `!= 0` అని రాసుకున్న కోడ్ ఏ మార్పూ లేకుండా పనిచేస్తుంది. ఐదేసి సార్లు వస్తే 3 తీసి 5 పెట్టండి, అంతే.

## లెక్కలను రెండు వేరియబుల్స్‌లో దాచడం

ఒక్కో స్థానం లెక్కను చివర్లో 3తో భాగించే బదులు, 3 రాగానే 0కి తిప్పేస్తూ పోతే ప్రతి స్థానంలో దాచాల్సింది 0, 1, 2 మాత్రమే. దానికి రెండు బిట్‌లు చాలు. 32 స్థానాల మొదటి బిట్‌లన్నీ ఒక వేరియబుల్‌లో, రెండో బిట్‌లన్నీ ఇంకో వేరియబుల్‌లో పెట్టవచ్చు:

```python
ones = twos = 0
for x in nums:
    ones = (ones ^ x) & ~twos
    twos = (twos ^ x) & ~ones
```

దీన్ని చాలామంది మంత్రంలా బట్టీపడతారు. ఒక్క స్థానాన్ని తీసుకుని, అక్కడ వరుసగా 1లు వస్తున్నాయనుకుని రెండు లైన్లూ చేత్తో నడిపితే అర్థమైపోతుంది. మొదట రెండూ 0. మొదటి 1కి `ones` 1 అవుతుంది, అది 1 కాబట్టి `twos` 0గానే ఉంటుంది. రెండో 1కి `ones` 0 అవుతుంది, ఇప్పుడు అడ్డు లేదు కాబట్టి `twos` 1 అవుతుంది. మూడో 1కి `twos` అడ్డుపడి `ones`ను 0గానే ఉంచుతుంది, తర్వాత `twos` కూడా 0 అవుతుంది. 0, 1, 2, మళ్లీ 0. రెండో లైన్ మొదటి లైన్‌లో మారిన కొత్త `ones`ను వాడుతుంది, పాతదాన్ని కాదు. పైథాన్‌లో రెండింటినీ ఒకే లైన్‌లో కామాతో కలిపి రాస్తే పాత విలువ వాడబడి లెక్క చెడిపోతుంది.

మన లిస్ట్‌లో 13, 6 అయ్యాక `ones` 1011, `twos` 0100 అవుతాయి. అంటే స్థానం 2లో లెక్క 2, మిగతా మూడింటిలో 1. పైన కాగితం మీద మొదటి రెండు వరుసలను నిలువుగా కూడి చూడండి, అవే వస్తాయి. ఏడు సంఖ్యలూ అయ్యేసరికి `twos` 0, `ones` 1001.

ఈ రూపంలో పైథాన్‌లో కూడా చివరి సవరణ అక్కర్లేదు. `^`, `&`, `~` గుర్తులు రుణ సంఖ్య సైన్‌ను తమంతట తామే మోసుకెళ్తాయి కాబట్టి `5, 5, 5, -4`కు `ones` నేరుగా -4 ఇస్తుంది. అయినా ఇంటర్వ్యూలో నేనైతే ముందు 32 స్థానాల లూప్ రాసి, నిలువు లెక్క చూపించి, ఆ తర్వాతే దీన్ని రాస్తాను. ఎదుటివారు "ఐదేసి సార్లు వస్తే?" అని అడిగితే ఆ లూప్‌లో ఒక్క అంకె మారుతుంది. ఇక్కడ మూడో వేరియబుల్ పెట్టి, 0 నుంచి 4 దాకా లెక్క ఎలా తిరగాలో మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి.